డాబా కడిగిన నీరు సంపులోకా?

మీ ఇంటి డాబా మీది వాన నీటి పైపును ఎవరైనా నేరుగా సంపులోకి దించి, దానికి "రెయిన్ వాటర్ హార్వెస్టింగ్" అని పేరు పెట్టి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయారా? అయితే ఈ వ్యాసం మీ కోసమే. ఆ మేస్త్రి మీకు చేసిపెట్టినది నీటి సంరక్షణ అని నేను ఒప్పుకోను. డాబా మీద నెలల తరబడి పేరుకున్న మురికిని కడిగి ఇంటిల్లిపాది బకెట్లలోకీ బిందెల్లోకీ చేర్చే ఏర్పాటు అది. మాట కఠినంగా ఉందని తెలుసు. ఎందుకు అంటున్నానో చదివిన తరువాత మీరే నిర్ణయించండి.

ముందుగా ఒక సందేహం తీరుస్తాను. నేను వాన నీటికి విరోధిని కాను. నల్గొండ ప్రాంతంలో బోరు నీటిలోని ఫ్లోరైడు మనుషుల పళ్ళను, ఎముకలను ఏం చేసిందో తెలిసిన ఏ వైద్యుడూ వాన నీటికి విరోధి కాలేడు. ఫ్లోరైడును మరిగించి పోగొట్టలేము. మరిగిస్తే నీరు తగ్గి దాని గాఢత ఇంకొంచెం పెరుగుతుంది. ఆకాశం నుంచి పడే నీటిలో మాత్రం అది దాదాపు ఉండదు. అటువంటి చోట సంపులో నిలవచేసిన వాన నీరు నిజమైన వరం. చిక్కంతా మబ్బుకూ సంపుకూ మధ్యనున్న ఆ శ్లాబుతోనే వస్తోంది.

ఈ పొరపాటు ఎక్కడ మొదలైందో నాకు తోచినది చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం వచ్చింది. ఇంకుడు గుంతల గురించి అప్పటి నుంచి ఎంతో ప్రచారం జరిగింది. డాబా పైపును గుంతలోకి కలపడం మన మేస్త్రులకు అలవాటైన పని అయింది. గుంతలోకి పోయే నీరు మురికిగా ఉన్నా పెద్ద ప్రమాదం లేదు. కంకర, ఇసుక, మట్టి పొరల గుండా అది రోజుల తరబడి దిగుతుంది. ఆ ప్రయాణంలో మట్టి చాలావరకు వడకడుతుంది, సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయి. తరువాత ఇంటివారికి నీటి కొరత వచ్చింది, ట్యాంకర్ల ధర పెరిగింది. "గుంతలోకి ఎందుకు, సంపులోకే వదలండి" అన్నారు. మేస్త్రి అదే పైపును నాలుగు అడుగులు పక్కకు తిప్పాడు. పని ఒకటే అనుకున్నాడు. గుంతకు భూమి అనే వడపోత ఉంది, సంపుకు ఏమీ లేదు. సాయంత్రం డాబా మీద ఉన్నది రాత్రికి సంపులో ఉంటుంది, తెల్లవారి మోటారు వేస్తే కుళాయిలో ఉంటుంది.

ఇంతకూ డాబా మీద ఏముంటుంది? ఒకసారి ఎండాకాలం చివర మీరే ఎక్కి చూడండి. పావురాల రెట్టలు, ఎండిన ఆకులు, చచ్చిన బల్లి, పిల్లి తెచ్చి వదిలేసిన ఎలుక, రోడ్డు దుమ్ము. పక్షుల రెట్టల్లో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి విరేచనకారక క్రిములు ఉండగలవు. ఎలుకల మూత్రంలో లెప్టోస్పైరా ఉండగలదు. వీటికి తోడు ఇప్పుడు మిద్దె తోటలు వచ్చాయి. మిద్దె తోట మంచిదే. కానీ కుండీలకు పోసిన పశువుల ఎరువూ జీవామృతమూ వానకు కారి, అదే రంధ్రం గుండా అదే పైపులోకి దిగుతాయి. తోట ఉన్న భాగపు నీటిని సంపుకు కలపడం ఏ ఫిల్టరుతోనూ సమర్థించలేని పని. ఆ భాగానికి చిన్న గట్టు కట్టి, దాని నీటిని వేరే పైపుతో ఇంకుడు గుంతకు పంపండి.

ఈ మురికిలో అత్యధిక భాగం వాన మొదలైన తొలి నీటిలోనే కొట్టుకువస్తుంది. ఆ తొలి కడుగును సంపులోకి రానివ్వకుండా పక్కకు మళ్ళించే అమరికనే ఫస్ట్ ఫ్లష్ డైవర్టర్ అంటారు. మన సంపుల్లో దాదాపుగా కనిపించనిది, కనిపించినా బొమ్మలా ఉండేది ఇదే. ఆ బొమ్మ సంగతి లెక్కతో చెబుతాను.

మీ డాబా 1000 చదరపు అడుగులు అనుకోండి. అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా 1 లీటరు నీరు. కనుక 1 మిల్లీమీటరు వానకు మీ డాబా మీద 93 లీటర్లు పడుతుంది. పక్షులు, దుమ్ము, చెట్లు ఉన్న మన ఊళ్ళలో తొలి 2 మిల్లీమీటర్ల నీటిని వదిలేయాలని నేను గట్టిగా చెబుతాను. అది 186 లీటర్లు. ఇప్పుడు బజారులో కనిపించేదీ, మేస్త్రి బిగించేదీ చూడండి. గోడకు ఆనించిన 4 అంగుళాల పైపు, 3 అడుగుల ఎత్తు, కింద ఒక మూత. దానిలో పట్టేది సుమారు 8 లీటర్లు. వదలవలసినది 186 లీటర్లు, వదిలినది 8! డాబా మీద మిల్లీమీటరులో పదో వంతు వాన కూడా పడకముందే అది నిండిపోతుంది. ఆ తరువాతి నీరు, అంటే అసలైన మురికి నీరు, నిశ్చింతగా సంపులోకి వెళుతుంది. ఆ 4 అంగుళాల పైపుతోనే పని జరగాలంటే 70 అడుగులకు పైగా పైపు కావాలి. అంత పైపు ఎవరూ పెట్టరు, పెట్టనవసరమూ లేదు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి సరిపోతుంది. పాత డ్రమ్మైనా చాలు, ఎందుకంటే దానిలోది మనం వాడుకునే నీరు కాదు.

డ్రమ్మును కలిపే తీరు ఇది. డాబా నుంచి దిగే పైపుకు, సంపు వైపు మలుపు తిరిగే చోట, ఒక టీ పెట్టాలి. టీ కింది మూతి డ్రమ్ములోకి, పక్క మూతి ఫిల్టరు మీదుగా సంపుకు. నీరు పల్లానికే పోతుంది కనుక ముందు డ్రమ్ము నిండుతుంది. నిండిన తరువాతనే పక్క దారి పడుతుంది. ఇక్కడ చాలామంది ఒక ముఖ్యమైన వస్తువును మరిచిపోతారు. డ్రమ్ము నిండగానే దాని నోరు మూసుకోవాలి. లేకపోతే పై నుంచి పడే ధార డ్రమ్ములోని మురికిని కలియబెట్టి, దానినే మళ్ళీ సంపు వైపు తోస్తుంది. ఇందుకు ఖరీదైన యంత్రమేమీ అక్కరలేదు. పైపు కింది మూతికంటే కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ బంతిని, పక్కకు తొలగిపోకుండా తీగతో అల్లిన గూటిలో, ఆ మూతి కింద ఉంచితే చాలు. నీటిమట్టం పెరిగినప్పుడు బంతి తేలి మూతికి అతుక్కుంటుంది. ఓవర్ హెడ్ ట్యాంకులో వాడే బాల్ కాక్ ఇక్కడ పనికిరాదు. దాని దారి అరంగుళం. జోరు వానకు వచ్చే ధారను అది మింగలేదు.

డ్రమ్ము అడుగున రెండు ఉండాలి. ఒకటి, ఎప్పుడూ సన్నగా కారుతూ ఉండే దారి. సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే గంటకు పది లీటర్ల చొప్పున కారి, నిండు డ్రమ్ము ఒక రోజు లోపల ఖాళీ అవుతుంది. ఆ నీరు మొక్కలకు పోవచ్చు. రెండవది, చేయి పట్టేంత పెద్ద మూత. అడుగున చేరిన బురదను దాని గుండానే తీయాలి. సన్న రంధ్రం తప్పకుండా మూసుకుపోతుంది, వానాకాలంలో రెండు వారాలకు ఒకసారైనా. పెద్ద మూత లేని డ్రమ్మును ఎవరూ శుభ్రం చేయరు. శుభ్రం చేయని డ్రమ్ము తరువాతి వానకు నిండుగానే ఉంటుంది, అంటే లేనట్టే.

"డ్రమ్మెందుకు డాక్టరుగారూ, ఒక వాల్వు పెట్టి మొదటి పది నిమిషాలు బయటకు వదిలేస్తే పోదా?" అని అడిగేవారున్నారు. పోదు. డాబాను కడిగేది గడియారం కాదు, నీటి పరిమాణం. గంటకు 50 మిల్లీమీటర్ల జోరు వానలో ఆ 186 లీటర్లు మూడు నిమిషాలలో వచ్చేస్తాయి. పది నిమిషాలు వదిలితే మంచి నీరు కూడా వృథా. తుంపర పడితే పది నిమిషాలలో శ్లాబు తడవను కూడా తడవదు. మురికి కదలకముందే మీరు వాల్వు తిప్పేస్తారు. పైగా వాన రాత్రి రెండు గంటలకు వస్తే వాల్వు దగ్గరకు వెళ్ళేదెవరు? చేతితో తిప్పే వాల్వు నెల తిరిగేలోగా ఎప్పుడూ తెరిచే ఉంటుంది, లేదా ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇంత నమ్మకంగా చెబుతున్నది మనుషుల స్వభావం తెలిసే.

ఇంకొందరికి "అంత నీరు పారబోయడమా" అని మనసొప్పదు. లెక్క చూద్దాం. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శ్లాబు పీల్చినదీ ఆవిరైనదీ పోగా 85 శాతం చేతికి వస్తుందనుకుంటే, ఆ 1000 చదరపు అడుగుల మీద ఏడాదికి 63 వేల లీటర్లు. వరుసగా వానలు పడే రోజుల్లో డాబా అప్పటికే కడిగి ఉంటుంది, డ్రమ్ము పూర్తిగా ఖాళీ కాదు, కనుక ప్రతి వానకూ అంత పోదు. ఏడాదిలో 30 సార్లు నిండు డ్రమ్ము వదిలినా 6 వేల లీటర్లు దాటవు. పదింట ఒక వంతు కూడా కాదు. దానిని కూడా పారబోయడం లేదు, మొక్కలకే పోతోంది.

ఇక ఫిల్టరు మాట. "మాకు ఫిల్టరు ఉంది కదా, ఫస్ట్ ఫ్లష్ ఎందుకు?" అనే ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది. కంకర, ఇసుక, బొగ్గు పొరల గుంటను చూపించి "దీనిలో సూక్ష్మజీవులు కూడా ఆగిపోతాయి" అని అమ్మేవారు చెబుతున్నారు. ఇది అబద్ధం. ఇసుకతో క్రిములను ఆపే పద్ధతి ఉన్న మాట నిజమే; పాత నీటి శుద్ధి కేంద్రాలలో దానిని వాడారు. అక్కడ సన్నని ఇసుక మీద ఎప్పుడూ నీరు నిలిచి ఉంటుంది, పై భాగాన జిగురైన జీవపొర పెరుగుతుంది, క్రిములను పట్టేది ముఖ్యంగా ఆ పొర. నీరు గంటకు 10 నుంచి 20 సెంటీమీటర్ల చొప్పున, అంటే నత్తనడకన, దిగుతుంది. మీ ఇంటి ఫిల్టరు 2 అడుగుల చదరం. జోరు వానలో డాబా నుంచి గంటకు సుమారు 4 వేల లీటర్ల వేగాన నీరు వస్తుంది. అది ఆ చదరం గుండా పోవాలంటే గంటకు పది మీటర్లకు పైగా దిగాలి. ఉండవలసిన వేగానికి యాభై రెట్లు! వాన లేని నెలల్లో ఆ ఇసుక ఎండి ఉంటుంది; జీవపొర బతికే అవకాశమే లేదు. ఇసుక రేణువుల మధ్య సందులకు బాక్టీరియా ఎంత చిన్నదంటే, రాజద్వారం గుండా చీమ పోయినట్టు పోతుంది.

మరి ఫిల్టరు దండగా? కాదు, దాని పని వేరు. తొలి కడుగు పోయిన తరువాత మిగిలిన ఆకు ముక్కలు, సన్నని మట్టి సంపులో చేరకుండా అది ఆపాలి. అంతవరకే. అందుకు సన్న ఇసుక వద్దు. వేగానికి అది పూడుకుపోయి నీరు పొంగుతుంది. పైన సులువుగా తీసి కడుక్కోగల నైలాను జాలీ, దాని కింద కడిగిన దొడ్డు ఇసుక, ఆ కింద చిన్న కంకర, అడుగున గులకరాళ్ళు చాలు. బొగ్గు పొర పెట్టి, ఏళ్ళ తరబడి మార్చకుండా వదిలేయడంకంటే అసలు పెట్టకపోవడమే మేలు. ఫిల్టరు మీద నీరు నిలిచి పక్క నుంచి పొంగుతూ ఉంటే, పై రెండు అంగుళాల ఇసుక తీసి కడగవలసిన సమయం వచ్చిందని అర్థం. జాలీని మాత్రం ప్రతి పెద్ద వాన తరువాత దులపాలి.

ఈ మధ్య ఒక ఇంటిలో చూసినది చెప్పాలి. డ్రమ్ము సరైన పరిమాణమే, బంతి ఉంది, ఫిల్టరు కూడా బాగుంది. అయినా సంపులో నీరు ప్రతి వానకూ పచ్చగా మారుతోందని ఇంటివారి ఫిర్యాదు. అప్పటికి వారం రోజులుగా వాన లేదు. డ్రమ్మును వేలితో తట్టి చూస్తే నిండు బిందె మోగినట్టు మొద్దుగా మోగింది. కారణం పైనే ఉంది. ఓవర్ హెడ్ ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు డాబా మీదకే పడుతోంది. మోటారు కట్టడం మరిచినప్పుడల్లా ఆ నీరు వాన నీటి పైపు గుండా దిగి డ్రమ్మును నింపుతోంది. పైగా సన్న రంధ్రం పూడుకుపోయింది. వాన వచ్చేసరికి డ్రమ్ములో చోటు లేదు. ట్యాంకు ఓవర్‌ఫ్లోను వేరే పైపుకు కలిపి, రంధ్రాన్ని పుల్లతో పొడిస్తే సమస్య తీరింది. మీ ఇంట కూడా వాన లేని రోజున డ్రమ్మును ఒకసారి తట్టండి. బోలుగా మోగాలి.

నిండుగా నిలిచిపోయిన డ్రమ్ము ఇంకో విధంగానూ ప్రమాదకరం. డెంగీ దోమకు కావలసినది ఇటువంటి నీడపట్టున నిలిచిన నీరే. వారం పది రోజులలో గుడ్డు దోమ అవుతుంది. నీరు ఎండినా గోడకు అంటిన గుడ్లు నెలల తరబడి బతికి ఉండి, నీరు తగలగానే పొదుగుతాయి. కనుక డ్రమ్ము లోపలి గోడలను బ్రష్షుతో రుద్దాలి, ఉత్తగా ఒంపితే చాలదు. సంపు మూత సందు లేకుండా ఉండాలి, సంపు ఓవర్‌ఫ్లో మూతికి సన్న జాలీ ఉండాలి. ఆ ఓవర్‌ఫ్లో పైపును డ్రైనేజీ మాన్‌హోలుకు కలిపిన ఇళ్ళు కూడా ఉన్నాయి. కుంభవృష్టికి మాన్‌హోలు పొంగిన రోజున నీరు ఆ పైపులోనే వెనక్కి నడిచి సంపులోకి వస్తుందని అది కలిపినవారికి ఎవరు చెప్పాలి? ఓవర్‌ఫ్లో ఇంకుడు గుంతకే పోవాలి, అదీ సంపుకంటే పల్లంలో ఉన్న గుంతకు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధించే విషయం. చాలా ఇళ్ళలో ఉన్నది ఒకటే సంపు. కృష్ణా నీరో మంజీరా నీరో అదే సంపులోకి వస్తుంది, డాబా నీరూ అదే సంపులోకి వస్తుంది. నగరపు నీటిలో క్లోరిన్ ఉంటుంది. మన ఇంటి దాకా ఆ నీటిని కాపాడేది కొద్దిపాటి ఆ మిగులు క్లోరినే. డాబా నుంచి వచ్చిన సేంద్రియ మురికి, అడుగున చేరిన బురద ఆ క్లోరిన్‌ను తినేస్తాయి. అంటే మీరు శుభ్రమైన నీటికి వాన నీటిని చేర్చడం లేదు. శుభ్రమైన నీటికున్న రక్షణను తీసేస్తున్నారు. వాన నీటికి వేరే సంపు ఉండాలి. స్థలం లేకపోతే ఉన్న సంపులో పూర్తి ఎత్తు అడ్డుగోడ కట్టి, ఇటు నీరు అటు పోకుండా సిమెంటు పూత వేయించి, రెండింటికీ వేరు వేరు మూతలు పెట్టించాలి. అదీ కుదరని ఇంటివారు డాబా నీటిని గుంతలోకే వదలడం నయం. నీటి సంరక్షణ అభిమానులు ఈ వాక్యానికి నన్ను తిట్టవచ్చు. తిట్టనివ్వండి.

వేరే సంపులో చేరిన నీటికి బ్లీచింగ్ పౌడరు వేయాలి. తేటగా ఉన్న నీటికి, 1000 లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు మామూలు లెక్క. బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక, పై తేటనే సంపులో పోయాలి. ఒక గంట ఆగాలి. నెలల క్రితం విప్పిన పొట్లంలోని పౌడరుకు బలం ఉండదు. కలిపిన తరువాత క్లోరిన్ పరీక్ష కిట్టుతో చూస్తే లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. మిగలకపోతే పౌడరు తక్కువైందని కాక, నీటిలో మురికి ఎక్కువైందని ముందు అనుమానించండి, డ్రమ్ము దగ్గరకు వెళ్ళండి. తాగడానికైతే, క్లోరిన్ వేసినా సరే, కళపెళ మరిగించి చల్లార్చిన నీరే వాడండి. క్లోరిన్‌కు లొంగని పరాన్నజీవులు కొన్ని ఉన్నాయి.

అంతా సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మంచి వాన పడుతున్నప్పుడు ఒక గాజు సీసాలో డ్రమ్ము అడుగు నీటిని, మరొక సీసాలో సంపులోకి పడుతున్న ధారను పట్టండి. వెలుతురుకు ఎదురుగా పెట్టండి. మొదటిది మబ్బుగా, రెండవది తేటగా ఉండాలి. రెండూ మబ్బుగా ఉంటే డ్రమ్ము మీ డాబాకు చిన్నది, లేదా బంతి మూతికి సరిగా అతకడం లేదు. రెండవ పరీక్షకు హెచ్‌టూఎస్ సీసా కావాలి. తక్కువ ధరకే దొరుకుతుంది. దానిలో సంపు నీటిని గీత వరకు పోసి, మూత పెట్టి, వెచ్చని గదిలో ఉంచండి. ఒకటి రెండు రోజులలో నీరు నల్లబడితే మల సంబంధమైన కాలుష్యం ఉన్నట్టు. నల్లబడకపోయినంత మాత్రాన నీరు పరిశుద్ధమని రుజువు కాదు. నల్లబడితే మాత్రం తేలికగా తీసుకోకూడదు. వానాకాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఈ పరీక్ష చేయండి. నల్లబడిన సీసాను మీ ఇంటికి పైపు కలిపిన మేస్త్రికి చూపించండి.